తెల్లవారి ఐదున్నరకు ఒక తాళంచెవి

విజయవాడలో మందుల హోల్‌సేల్ చేసే ఒక సంస్థలో నేను కొన్నేళ్లు ఎంఐఎస్ చూశాను. ఎంఐఎస్ అంటే పెద్ద ఉద్యోగమేం కాదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పడే లెక్కల్ని పొద్దున్నే అందరికీ అర్థమయ్యే బొమ్మలుగా చూపించడం. ఏ మందు ఎన్ని పెట్టెలుంది, ఏ బ్యాచ్ ఎక్స్‌పైరీకి దగ్గరపడింది, ఏ షాపు ఎన్ని రోజులుగా డబ్బు కట్టలేదు, ఈ మూడూ పవర్ బీఐలో ఒక రిపోర్టుగా ఉండేవి. లైన్‌కి బయల్దేరే ముందు సేల్స్ కుర్రాళ్లు ఫోన్‌లో తెరిచి చూసుకునేవాళ్లు.

ఆ రిపోర్టు రోజూ పొద్దున ఆరింటికి దానంతటదే తాజా అవుతుందని అందరూ అనుకునేవాళ్లు. అసలు సంగతి ఏమిటంటే, అది నా టేబుల్ కింద ఉన్న కంప్యూటర్ మీద, నా లాగిన్‌తో, నా పాస్‌వర్డ్‌తో నడిచేది. సాయంత్రం ఆఫీసు ఊడ్చే ఆమె స్విచ్ తీసేయకుండా సీపీయూ మీద ‘ఆపవద్దు’ అని కాగితం అంటించాను. మా షెడ్యూల్డ్ రిఫ్రెష్ మొత్తం ఆ కాగితం మీద నిలబడి ఉండేది.

ఒక శుక్రవారం సాయంత్రం పాస్‌వర్డ్ గడువు అయిపోయిందని కంప్యూటర్ అడిగితే మార్చేసి, శనివారం నుంచి చుట్టాల పెళ్లికని సెలవు పెట్టి రాజమండ్రి వెళ్లాను. రిపోర్టు దగ్గర దాచి ఉన్నది పాత పాస్‌వర్డ్. శనివారం పొద్దున రిఫ్రెష్ ఫెయిలైంది. ఆదివారం, సోమవారం, మంగళవారం కూడా అంతే. వరసగా నాలుగుసార్లు ఫెయిలైతే పవర్ బీఐ ఆ షెడ్యూల్‌ని తనే ఆపేస్తుంది, ఆపేసినట్టు యజమానికి మెయిల్ పంపుతుంది. యజమానిని నేనే. నేనేమో పెళ్లి పందిట్లో ఉన్నాను.

రిపోర్టు మాత్రం మామూలుగానే తెరుచుకుంటోంది. ఎర్ర అక్షరాలు లేవు, ఖాళీ తెర లేదు. శుక్రవారం పొద్దుటి అంకెలే రోజూ కొత్తవాటిలా కనబడుతున్నాయి. తరవాతి సోమవారం నేను తిరిగొచ్చేసరికి అవి పది రోజుల పాతవి. ఎప్పుడో అమ్ముడుపోయిన ఒక యాంటీబయాటిక్ పెట్టెల్ని ఇస్తామని ఇద్దరు కుర్రాళ్లు షాపులకి మాటిచ్చేశారు. ఆగిపోయిన గడియారాన్ని ఎవరైనా గమనిస్తారు. ఇలాంటి రిపోర్టు ఆగినా నడుస్తున్నట్టే కనిపిస్తుంది, అదే దానితో చిక్కు.

ఆ రోజే ఐటీ వాళ్లకి నోట్ రాశాను. కోపంలో రాసింది కాబట్టి రెండు లైన్లే: ‘రిపోర్టు రిఫ్రెష్ కోసం అడ్మిన్ రైట్స్ ఉన్న సర్వీస్ అకౌంటు, ఒక సర్వర్ కావాలి. అర్జెంట్.’ మధ్యాహ్నానికి ఐటీ హెడ్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ‘మేడమ్, ఏం చదవాలి? ఎప్పుడు, ఎంతసేపు? రేపు మీరు మానేస్తే ఈ అకౌంటు ఎవరిది?’

అప్పటికి ఆయన మీద ఒళ్లు మండింది కానీ, ఆ మూడు ప్రశ్నల్లోనే నోట్ ఎలా రాయాలో మొత్తం ఉంది. కాస్త నిదానంగా చెబుతాను. ఆఫీసులో రోజూ దానంతటదే నడవాల్సిన పని ఏదైనా ఉంటే, ఎవరో ఒకరు ఇలాంటి నోట్ రాయక తప్పదు.

సర్వీస్ అకౌంటు అంటే మనిషి కాని ఉద్యోగి అనుకోండి. దానికీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి కానీ సెలవు పెట్టదు, ఉద్యోగం మానదు. మనిషి పేరు మీద నడిచే పని ఆ మనిషితోపాటే ఆగిపోతుంది. అందుకే పనికి దాని సొంత పేరు ఇవ్వాలి. ఇంతవరకు ఎవరికైనా తెలుసు. ఐటీ వాళ్ల భయం దీని అవతల ఉంది. మనిషి మానేస్తే హెచ్ఆర్ నుంచి కాగితం వస్తుంది, ఆ లాగిన్ మూసేస్తారు. మనిషి కాని అకౌంటుకి రాజీనామా ఉండదు. ఎవరో అడిగితే పదేళ్ల కిందట ఇచ్చారు, ఆ అడిగినవాళ్లు వెళ్లిపోయారు, ఇప్పుడది దేనికి వాడుతున్నారో తెలీదు, తీసేస్తే ఏం ఆగిపోతుందో తెలీదు. ఇలాంటి అనాథ అకౌంట్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి. దానికి పైగా అడ్మిన్ హక్కులు కూడా ఉంటే, అది గుమ్మం పక్కన కుండీ కింద పెట్టి మరిచిపోయిన తాళంచెవితో సమానం. నా మొదటి నోట్ సరిగ్గా అలాంటి తాళంచెవినే అడిగింది.

మర్నాడు ఆయన గదికి వెళ్లి కూర్చున్నాను. మొదటి అరగంట ఒక గందరగోళం విడదీయడానికే పట్టింది. ‘సర్వీస్ అకౌంటు’ అని నేనొకటి అంటున్నాను, ఆయనొకటి అనుకుంటున్నారు.

మా బిల్లింగ్ డేటా ఆఫీసులోని ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉంది. రిపోర్టేమో మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో ఉంది. ఈ రెంటి మధ్య మోతపని చేసే ప్రోగ్రాం ఒకటుంది, పేరు ఆన్‌ప్రెమిసెస్ డేటా గేట్‌వే. ఆఫీసులో ఏదో ఒక కంప్యూటర్ మీద అది ఎప్పుడూ మేలుకుని ఉండాలి. రిఫ్రెష్ టైం కాగానే క్లౌడ్ దానికి పని చెబుతుంది, అది డేటాబేస్ దగ్గరకెళ్లి లెక్కలు తెచ్చి పైకి పంపుతుంది. ఈ గేట్‌వే ప్రోగ్రాం విండోస్‌లో నడవడానికి ఒక అకౌంటు కావాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదే `NT SERVICE\PBIEgwService` అనే పేరుతో సొంతంగా ఒకటి పెట్టుకుంటుంది. మామూలుగా దాన్ని కదిలించే పనిలేదు. డేటాబేస్ తలుపు తట్టినప్పుడు ‘నేను ఫలానా’ అని చెప్పే అకౌంటు ఇంకొకటి. లారీ నడిపే డ్రైవర్ లైసెన్స్ వేరు, గోడౌన్‌లోకి వెళ్లడానికి చూపించే గేట్ పాస్ వేరు కదా, అలాగన్నమాట. నాకు కావాల్సింది గేట్ పాస్. ఆయన అనుకున్నది లైసెన్స్. ‘అకౌంటు కావాలి’ అన్న ఒక్క మాటలో రెండూ కలిసిపోయి ఉన్నాయి. నోట్‌లో ఈ తేడా రాయకపోతే అడగనిది వచ్చిపడుతుంది, అడిగింది రాదు.

ఇంకో సంగతి అక్కడే బయటపడింది. నేను వాడుతున్నది గేట్‌వేలోని పర్సనల్ మోడ్. అది ఒక మనిషి కోసం, ఆ మనిషి లాగిన్ మీద నడిచేది. స్టాండర్డ్ మోడ్ అయితే విండోస్ సర్వీస్‌గా నడుస్తుంది. కంప్యూటర్ రీస్టార్ట్ అయినా ఎవరూ లాగిన్ అవ్వక్కర్లేదు, దానంతటదే లేస్తుంది. ‘ఆపవద్దు’ కాగితం అవసరం ఎందుకొచ్చిందో అప్పటికి నాకు తెలిసింది.

తరవాత హక్కుల దగ్గరకొచ్చాం. నేను అడ్మిన్ అడిగింది దురుద్దేశంతో కాదు, బద్ధకంతో. అన్నీ ఇస్తే ఏదీ అడ్డురాదు కదా అని. ఆయన ఒక మెట్టు దిగి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో `db_datareader` అనే రోల్ ఇవ్వనా అన్నారు. అది ఇస్తే చదవడమే, రాయడం కుదరదు. వినడానికి బాగుంది. కానీ ఆ డేటాబేస్‌లో ఉన్న ప్రతి టేబులూ చదవొచ్చు. మా బిల్లింగ్ డేటాబేస్‌లోనే సేల్స్ కుర్రాళ్ల ఇన్సెంటివ్ లెక్కలున్నాయి, కంపెనీలు మనకిచ్చే కొనుగోలు ధరలున్నాయి. రేపు రిపోర్టు తయారుచేసే ఇంకెవరైనా ఆ అకౌంటు కనెక్షన్ మీద ఆ టేబుళ్లనీ లాగేసుకోవచ్చు.

అందుకని వేరే దారి పట్టాం. `rpt` అనే పేరుతో విడిగా ఒక స్కీమా పెట్టి, అందులో నాకు కావాల్సిన మూడు వ్యూలు మాత్రం తయారుచేయడం. వ్యూ అంటే టేబుల్ మీద తెరిచిన కిటికీ లాంటిది. ఏ వరసలు, ఏ గడులు కనబడాలో అవే కనబడతాయి. అకౌంటుకి ఆ కిటికీల దగ్గరే అనుమతి, వెనకున్న టేబుళ్ల మీద ఏ హక్కూ లేదు. వ్యూలకీ టేబుళ్లకీ యజమాని ఒకరే అయితే ఎస్‌క్యూఎల్ సర్వర్ దీన్ని ఒప్పుకుంటుంది. మొత్తం నాలుగు లైన్లు:

```sql
CREATE LOGIN [OFFICE\svc_pbi_read] FROM WINDOWS;
USE Billing;
CREATE USER [OFFICE\svc_pbi_read] FOR LOGIN [OFFICE\svc_pbi_read];
GRANT SELECT ON SCHEMA::rpt TO [OFFICE\svc_pbi_read];
```

ఇందులో ఇంకో సుఖం ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏదైనా అప్‌డేట్‌లో టేబుల్ మార్చినా, వ్యూని సర్దితే చాలు, రిపోర్టు జోలికి పోనక్కర్లేదు. అయితే వ్యూలో లేని గడి ఒక్కటి కావాలన్నా మళ్లీ ఐటీ వాళ్ల దగ్గరకే వెళ్లాలి. మొదటి నెలలో నేను మూడుసార్లు వెళ్లాను. ఈ ఇబ్బంది ఉంటుందని ముందే తెలిసి ఒప్పుకోవాలి.

అన్నిటికంటే పెద్ద తగువు పాస్‌వర్డ్ దగ్గర వచ్చింది. మా ఆఫీసులో ఎవరి పాస్‌వర్డయినా 45 రోజులకి మారాల్సిందే. ఈ అకౌంటుకీ అదే నియమం అంటే మళ్లీ నా శుక్రవారం కథే, 45 రోజులకోసారి. ఎప్పటికీ మారని పాస్‌వర్డ్ ఇవ్వమంటే ఆయన ససేమిరా అన్నారు. విండోస్‌లో పాస్‌వర్డ్ తనంతట తనే మార్చుకునే గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్లు కూడా ఉన్నాయి. విండోస్ సర్వర్ 2012 నుంచి వచ్చాయి, మామూలుగా 30 రోజులకోసారి మారతాయి, ఆ పాస్‌వర్డ్ ఏ మనిషికీ తెలియదు. మనకి పనికిరాకపోవడానికి కారణం కూడా అదే. గేట్‌వేలో డేటా సోర్స్ పెట్టేటప్పుడు పాస్‌వర్డ్ గడిలో ఎవరో ఒకరు టైపు చేయాలి. ఎవరికీ తెలియనిది ఎవరు టైపు చేస్తారు?

చివరికి ఒక రాజీ కుదిరింది. పొడవాటి పాస్‌వర్డ్, ఆరు నెలలకోసారి మార్పు, తేదీ ముందే ఇద్దరి క్యాలెండర్‌లోనూ. ఆ పాస్‌వర్డ్ ఐటీ వాళ్ల దగ్గరే ఉంటుంది, గేట్‌వే గడిలో వాళ్లే టైపు చేస్తారు, నాకు చెప్పరు. ఈ చివరి షరతు నేనే పెట్టాను. ‘పాస్‌వర్డ్ నాకొద్దండి’ అన్నప్పుడు ఆయన మొహంలో మార్పు నాకింకా గుర్తుంది. అప్పటిదాకా ఆయన నన్ను తాళంచెవి అడగడానికొచ్చిన మనిషిగా చూశారు. నాకు కావాల్సింది తలుపు టైంకి తెరుచుకోవడం, తాళంచెవి కాదు. అది తెలిశాక మిగతా మాటలు గబగబా సాగిపోయాయి.

సర్వర్ సంగతి పెద్దగా సాగలేదు. స్టాండర్డ్ గేట్‌వేకి మైక్రోసాఫ్ట్ సిఫారసు ఎనిమిది కోర్ల ప్రాసెసర్, 8 జీబీ మెమరీ. ల్యాప్‌టాప్ మీద పెట్టకూడదు, నిద్రపోయే కంప్యూటర్ మీద పెట్టకూడదు, ఆఫీసు లాగిన్లన్నీ చూసే డొమైన్ కంట్రోలర్ మీద అసలే పెట్టకూడదు. మాకు దొరికింది నాలుగు కోర్లు, 8 జీబీ ఉన్న ఒక వర్చువల్ మెషీన్. ఒక్క రిపోర్టుకి అది సరిపోయింది, పది రిపోర్టులకైతే సరిపోదు. ఆయన అడిగిన గట్టి ప్రశ్న ఫైర్‌వాల్ గురించి. బయటివాళ్లు లోపలికి రావడానికి ఏ పోర్టయినా తెరవాలా అని. తెరవక్కర్లేదు. గేట్‌వేనే లోపల్నుంచి బయటికి మాట్లాడుతుంది. 443, 5671, 5672, 9350 నుంచి 9354 వరకు ఉన్న పోర్టుల్లో బయటికి దారి ఉంటే చాలు, లోపలికి ఒక్కటీ అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం మొదటి నోట్‌లోనే రాసి ఉంటే రెండు రోజులు కలిసొచ్చేవి.

ఇక స్లాటు. స్లాటంటే ‘పొద్దున ఐదున్నర’ అని ఒక నిమిషం చెప్పడమని నేననుకునేదాన్ని. ఆయన తెల్లకాగితం మీద రాత్రి సర్వర్ దినచర్య గీసి చూపించారు. పదకొండింటికి డే ఎండ్ మొదలై పన్నెండున్నరదాకా. రెండింటికి బ్యాకప్, మూడుంపావు దాకా. ఆదివారం తెల్లవారుజామున విండోస్ అప్‌డేట్లు, రీస్టార్ట్. ఎనిమిదింటికి కౌంటర్‌లో బిల్లింగ్. మన రిఫ్రెష్ దేని మీదా పడకూడదు. డే ఎండ్ మధ్యలో చదివితే సగం లెక్కలు వస్తాయి. బ్యాకప్ మధ్యలో చదివితే రెండూ నెమ్మదిస్తాయి. బిల్లింగ్ టైంలో చదివితే, మనం చదువుతున్న వరసల కోసం బిల్లు ఆగాల్సి రావచ్చు. అక్కడ కౌంటర్ ముందు షాపువాడు నిలబడి ఉంటాడు.

దానికి తోడు పవర్ బీఐ చెప్పిన నిమిషానికే మొదలుపెడుతుందన్న హామీ లేదు. అరగంటల లెక్కన టైం ఎంచుకోనిస్తుంది. మొదలవడం పావుగంట దాకా ఆలస్యం కావచ్చు, క్లౌడ్ బిజీగా ఉన్నరోజు గంట దాకా కావచ్చు. అంటే ఐటీ వాళ్లని అడగాల్సింది నిమిషాన్ని కాదు, ఖాళీ వ్యవధిని. మా రిఫ్రెష్‌ని పని లేని టైంలో మూడుసార్లు నడిపి చూస్తే 11 నిమిషాలు పట్టింది. పవర్ బీఐ ప్రో లైసెన్స్ మీద ఒక రిఫ్రెష్ రెండు గంటలు దాటకూడదు, మాకు ఆ బెంగ లేదు. ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ఖాళీ అడిగి, అందులో ఐదున్నరకి ఒకటి, ఆరున్నరకి ఒకటి పెట్టాను. రెండోది ఎందుకంటే, ఫెయిలైన షెడ్యూల్ రిఫ్రెష్ మన కోసం తీరిగ్గా మళ్లీ ప్రయత్నిస్తుందని నమ్ముకోకూడదు. మొదటిది తప్పినా రెండోది అందుకుంటుంది. ప్రో లైసెన్స్‌లో రోజుకి ఎనిమిది దాకా పెట్టుకోవచ్చు కదా అని మధ్యాహ్నం ఒంటిగంటకి కూడా ఒకటి అడిగాను. బిల్లింగ్ టైం కాబట్టి కుదరదన్నారు. వాదించలేదు. మధ్యాహ్నం స్టాకు కావాలన్నవాళ్లు గోడౌన్‌కి ఫోన్ చేసి కనుక్కునేవాళ్లు, ఇప్పుడూ అంతే.

ఇదంతా మాట్లాడుకున్నాక రెండో నోట్ రాశాను. అసలుది ఇంగ్లీషులో రాసిందే, తెలుగులో దాని సారం ఇది:

‘అయ్యా,

స్టాకు, ఎక్స్‌పైరీ, బాకీల రిపోర్టు ఇప్పుడు నా కంప్యూటర్ మీద, నా లాగిన్‌తో నడుస్తోంది. నా పాస్‌వర్డ్ మారడం వల్ల గత వారం ఆగిపోయింది, పది రోజులు ఎవరికీ తెలియలేదు. దాన్ని నా పేరు మీదనుంచి తీసేయడానికి ఈ కిందివి కోరుతున్నాను.

డేటాబేస్ చదవడానికి ఒక డొమైన్ అకౌంటు, పేరు `svc_pbi_read`. `Billing` డేటాబేస్‌లో `rpt` స్కీమాలోని మూడు వ్యూలు చదివే హక్కు తప్ప ఇంకేదీ వద్దు. రాసే హక్కు వద్దు, ఏ అడ్మిన్ గ్రూపులోనూ చేర్చొద్దు, రిమోట్ డెస్క్‌టాప్‌తో లాగిన్ కాకుండా ఆపేయండి. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచి గేట్‌వేలో మీరే టైపు చేయండి, నాకు చెప్పొద్దు. మార్పు జనవరి, జులై మొదటి సోమవారం, పొద్దున ఏడున్నర తరవాత.

గేట్‌వే స్టాండర్డ్ మోడ్‌లో పెట్టడానికి ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక మెషీన్. గేట్‌వే సర్వీస్ దాని సొంత అకౌంటు మీదే నడుస్తుంది, దానికి కొత్తది అక్కర్లేదు. బయటికి వెళ్లే పోర్టులు చాలు, లోపలికి ఏదీ తెరవొద్దు. రికవరీ కీ మీ సేఫ్‌లో ఉంచండి. గేట్‌వే నెలవారీ అప్‌డేట్ మీరు చేస్తారా, నేను గుర్తుచేయాలా చెప్పండి.

టైం: రోజూ ఐదున్నర నుంచి ఏడున్నర లోపల. ఒక్కోటి 11 నిమిషాలు, సుమారు 38 లక్షల వరసలు. డే ఎండ్ గానీ బ్యాకప్ గానీ ఈ వ్యవధిలోకి జరిగేట్టయితే ముందు నాకు చెప్పండి, నేను మార్చుకుంటాను.

ఈ అకౌంటు యజమాని ఎంఐఎస్ విభాగం. ఇప్పుడు నేను, నా తరవాత నా స్థానంలో వచ్చేవారు, ఇద్దరూ లేకపోతే అకౌంట్స్ మేనేజర్ గారు. రిపోర్టు మానేసిన రోజు అకౌంటు మూసేయమని మేమే రాస్తాం. ఏటా జులైలో ఇంకా కావాలో లేదో మీరు అడగండి. వారం లోపల జవాబు రాకపోతే ఆపేయండి.’

చివరి వాక్యం చదివి ఆయన నవ్వారు. ఆపేయమని అడుగుతూ వచ్చిన అర్జీ ఆయనకి అదే మొదటిదట. సంతకం మర్నాడే అయింది.

రికవరీ కీ గురించి ఒక మాట చెప్పాలి. గేట్‌వే పెట్టేటప్పుడు ఒక కీ అడుగుతుంది. చాలామంది ఏదో ఒకటి కొట్టేసి మరిచిపోతారు. ఆ మెషీన్ పాడై గేట్‌వేని ఇంకోదాని మీదకి మార్చాలన్న రోజున అది కావాలి. అది లేకపోతే కొత్త గేట్‌వే పెట్టుకుని, డేటా సోర్సులన్నీ మొదట్నుంచి మళ్లీ కట్టుకోవాలి. మాది కాగితం మీద రాసి, కవర్‌లో పెట్టి, క్యాష్ సేఫ్‌లో చెక్కు పుస్తకాల పక్కన పెట్టారు.

ఇన్‌స్టాల్ చేసిన రోజు మేం చేసిన పరీక్ష ఒకటి చూపిస్తాను. అకౌంటు పని చేస్తుందా అని అందరూ చూస్తారు. చేయకూడనిది చేయలేకపోతోందా అన్నది కూడా చూడాలి. `Billing` డేటాబేస్‌లో ఉండి, ఒక్కో లైనూ విడిగా నడపాలి:

```sql
EXECUTE AS LOGIN = 'OFFICE\svc_pbi_read';
SELECT TOP 1 * FROM rpt.Stock;
SELECT TOP 1 * FROM dbo.Incentive;
REVERT;
```

రెండో లైను ఒక వరస చూపించాలి. మూడో లైను `The SELECT permission was denied` అని తిరగగొట్టాలి. మాకు మొదటిసారి మూడో లైను కూడా ఇన్సెంటివ్ వరస చూపించేసింది! ఎందుకా అని వెతికితే, ఎప్పుడో ఎవరో ఆ డేటాబేస్‌లో `public` రోల్‌కే, అంటే లోపలికొచ్చిన ప్రతివాళ్లకీ, ఆ టేబుల్ చదివే హక్కు ఇచ్చేసి ఉన్నారు. అది మా కొత్త అకౌంటు తప్పు కాదు, పాత రంధ్రం. మూడో లైను నడపకపోయి ఉంటే అది ఇప్పటికీ అలాగే ఉండేది. ఐటీ హెడ్ ఆ సాయంత్రమే దాన్ని మూయించారు.

రిపోర్టు వైపు మూడు మార్పులు చేశాను. సెట్టింగ్స్‌లో టైం జోన్ మన దేశానిది పెట్టాను. పెట్టకపోతే ఐదున్నర అన్నది ఏ దేశపు ఐదున్నరో తెలీదు. ఫెయిలైతే మెయిల్ నాకొక్కదానికే కాకుండా ఎంఐఎస్, ఐటీ రెండు గ్రూపులకీ వెళ్లేట్టు పెట్టాను. మూడోదాని మీద కాస్త ఆలోచించాల్సి వచ్చింది. రిపోర్టు పైన ‘చివరిగా రిఫ్రెష్ అయిన టైం’ చూపిద్దామని ముందు అనుకున్నాను. కానీ రిఫ్రెష్ బాగానే జరిగి, అది చదివిన డేటాయే పాతదైతే? డే ఎండ్ ఆగిపోయిన రోజు అదే జరుగుతుంది. అందుకని ‘ఇందులో ఉన్న చివరి బిల్లు’ అని ఆ బిల్లు తేదీ, టైం బిల్లుల వ్యూలోంచే తీసి పెద్ద అక్షరాల్లో పెట్టాను. పొద్దున తెరిచినప్పుడు నిన్న రాత్రి బిల్లు కనబడకపోతే, రిపోర్టు పాతదని సేల్స్ కుర్రాడికి కూడా తెలుస్తుంది. వాళ్లకి రిఫ్రెష్ అంటే ఏమిటో చెప్పే పని తప్పింది.

తప్పు జరిగినప్పుడు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి నేను నేర్చుకున్న చిన్న గుర్తు ఒకటుంది. రిఫ్రెష్ హిస్టరీలో మొదలైన టైం, అయిపోయిన టైం పక్కపక్కనే ఉంటాయి. కొన్ని సెకన్లలోనే ఫెయిలైతే సాధారణంగా తలుపు దగ్గరే ఆగిందన్నమాట. పాస్‌వర్డ్ తప్పో, గేట్‌వే నిద్రపోతోందో, హక్కు పోయిందో అయి ఉంటుంది. ఐటీకి ఫోన్ చేయాలి. పది, ఇరవై నిమిషాలు నడిచి ఫెయిలైతే తలుపు తెరుచుకుంది, లోపల ఏదో అడ్డొచ్చింది. వ్యూలో మార్పో, అనుకోని డేటానో, మెమరీ చాలకపోవడమో. ముందు నా వైపు చూసుకోవాలి. ఎవరిని నిద్రలేపాలో దీంతో చాలావరకు తేలిపోతుంది. నేను సెలవులో ఉన్నప్పుడు రిపోర్టు చూసే అబ్బాయికి అప్పగించేటప్పుడు ఈ ఒక్క ముక్కే చెప్పాను. రిపోర్టు యాజమాన్యం అతను తీసుకోవాల్సి వస్తే సెట్టింగ్స్‌లో `Take over` అనే బటన్ ఉంటుందని కూడా చూపించాను.

జనవరిలో మొదటిసారి పాస్‌వర్డ్ మార్చారు. ఏడు గంటల నలభైకి ఐటీ అబ్బాయి డొమైన్‌లో మార్చి, వెంటనే గేట్‌వే డేటా సోర్స్‌లో కొత్తది టైపు చేసి, ‘మేడమ్, ఒకసారి నడపండి’ అన్నాడు. చేత్తో ఒకసారి రిఫ్రెష్ నొక్కి, 11 నిమిషాలు టీ తాగుతూ చూశాను. పచ్చ టిక్కు పడింది. మర్నాటి ఐదున్నర దాకా ఆగకుండా అప్పుడే నొక్కి చూడడం మేం పెట్టుకున్న నియమం. తప్పు టైపు చేసి ఉంటే, అది టైపు చేసిన మనిషి ఇంకా కుర్చీలో ఉండగానే తెలియాలి.

ఆ తరవాత ఒక ఆదివారం అప్‌డేట్ల రీస్టార్ట్ బాగా ఆలస్యమై, ఐదున్నర రిఫ్రెష్ తగిలి ఫెయిలైంది. ఆరున్నరది అయిపోయింది. రెండు గ్రూపులకీ మెయిల్ వచ్చింది. సోమవారం ఐటీ హెడ్ ఎదురైతే, ‘మీ ఐదున్నర పోయింది కదండీ, ఆదివారం అప్‌డేట్లు నాలుగుకి జరుపుతాన్లెండి’ అన్నారు. నేను ఆ మెయిల్ అప్పటికింకా చూడలేదు.